ఫోన్ ఎత్తినవాడికే డ్యూటీ

గురువారం తెల్లవారుజామున 4 గంటల రౌండ్. గచ్చిబౌలి దాటాక ఒక పెద్ద ఆఫీసు భవనం, దాని కింద రెండో సెల్లార్. గోడలకు ఎనిమిది చోట్ల రూపాయి బిళ్లంత లోహపు బిళ్లలు బిగించి ఉంటాయి. గార్డు చేతిలోని పంచింగ్ మిషన్‌ను ఒక్కో బిళ్లకూ తాకిస్తూ చుట్టి రావాలి. ఎన్ని గంటలకు ఎక్కడ ఉన్నాడో మిషన్ రాసుకుంటుంది. ఆ రోజు మూడు బిళ్లల వరకే టైము పడింది. నాలుగోది పంపుల గది పక్కన. అక్కడ ఆయన గోడకు వీపు ఆనించాడు. కిందికి ఎప్పుడు జారాడో తెలియదు. పొద్దున షిఫ్ట్ గార్డు భుజం పట్టి ఊపితే లేచాడు. అప్పటికి 6కి పది నిమిషాలు తక్కువ.

మర్నాడు మెమో చేతికి వచ్చింది. 'డ్యూటీలో నిద్ర.' ఒక రోజు జీతం కోత. ఇంకోసారి జరిగితే పాయింట్ నుంచి తీసేస్తామని కింద ఒక వాక్యం.

ఆయనది నాగర్‌కర్నూల్ వైపు ఒక ఊరు. వయసు 38. ఆరేళ్లుగా గార్డు. ఉద్యోగానికి ఇబ్బంది కాకూడదని పేరు రాయొద్దన్నాడు. ఏజెన్సీ పేరూ, భవనం పేరూ కూడా వదిలేస్తున్నాను. నన్ను కదిలించింది ఆయన నిద్రపోవడం కాదు, ఆ మెమోలో లేని సంగతి. సోమవారం రాత్రి 10 నుంచి గురువారం పొద్దున 6 దాకా ఆయన ఏం చేశాడన్నది అందులో ఒక్క ముక్క లేదు.

ఆ భవనంలో మూడు షిఫ్టులు. పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2 దాకా 'ఎ', 2 నుంచి రాత్రి 10 దాకా 'బి', 10 నుంచి పొద్దున 6 దాకా 'సి'. గోడ మీది చార్టులో ఆయన పేరు ఆ వారమంతా సి లోనే ఉంది. సోమవారం రాత్రి అలాగే చేశాడు. మంగళవారం పొద్దున దిగి రూముకు చేరాడో లేదో ఫోను. బి షిఫ్ట్ మనిషి రావడం లేదు, 2 గంటలకు రావాలి. వెళ్లాడు. రాత్రి 10కి దిగుతుంటే ఇంకో మాట. రేపు పొద్దున ఎ కి మనిషి లేడు, 6కి వచ్చెయ్. వచ్చాడు. బుధవారం 2కి దిగాడు. రాత్రి 10కి తన అసలు డ్యూటీ ఎలాగూ ఉంది. మొత్తం 56 గంటల్లో నాలుగు డ్యూటీలు, 32 గంటల పని. మధ్యలో మూడు విరామాలు, ఒక్కొక్కటి 8 గంటలు.

కాగితం మీద 8 గంటలంటే ఒక నిద్రకు సరిపోయేలా కనిపిస్తుంది. ఆయన రూము బోరబండలో. బండి మీద రానూ పోనూ గంటన్నర. స్నానం, తిండి, యూనిఫాం ఉతికి ఆరేసుకోవడం ఇంకో గంటన్నర. మిగిలిన ఐదు గంటల్లోనూ నిద్ర రావాలి కదా. మంగళవారం పగలు మూడున్నర గంటలు పట్టింది. మంగళవారం రాత్రి నాలుగున్నర. బుధవారం సాయంత్రం కళ్లు మూసుకుని పడుకున్నాడు కానీ రెండు గంటలకు మించి పట్టలేదు. ఆయనే వేళ్లు మడిచి లెక్క చెప్పాడు. 56 గంటల్లో 10 గంటల నిద్ర.

సాయంత్రం పూట నిద్ర ఎందుకు రాలేదు? అంత అలసిన మనిషికి పడుకోగానే పట్టాలి కదా అనిపిస్తుంది. కానీ నిద్ర ఒక్క అలసట మీదే నడవదు. మెదడు లోపల అడుగు భాగంలో ఒక చిన్న గడియారం ఉంది. ఒంటి వేడినీ, మెలకువనూ, ఆకలినీ రోజుకొకసారి ఎక్కించి దించేది అదే. వెలుతురు చూసి తనను తాను సర్దుకుంటుంది. సాయంత్రం వేళ అది మెలకువను నిలబెట్టే పనిలో ఉంటుంది. తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య ఒంటి వేడి అన్నిటికంటే దిగువకు పోతుంది, మత్తు అప్పుడే ఎక్కువ. పంపుల గది దగ్గర గోడకు ఆనుకున్నది సరిగ్గా ఆ వేళలోనే. రాత్రి కాపలా చేసేవాళ్లెవరిని అడిగినా మూడు దాటాక ఉండే ఆ గంటన్నర గురించి చెబుతారు. టీ ఫ్లాస్కు దానికోసమే దాచుకుంటారు.

ఈ గడియారం కొత్త వేళలకు అలవాటు పడుతుంది, కాకపోతే చాలా నెమ్మదిగా. రోజుకు సుమారు ఒక గంట చొప్పున జరుగుతుందని లెక్క. సి షిఫ్టుకు ఒళ్లు కాస్త సర్దుకోవాలన్నా వారం పైనే కావాలి. పొద్దున ఎండ కళ్లలో పడుతూ ఇంటికి వెళ్లేవాళ్లకు పూర్తిగా ఎప్పటికీ సర్దుకోకపోవచ్చు. అలాంటిది రోజుకో షిఫ్ట్ అంటే గడియారం ఎటు జరగాలో దానికే తెలియదు. ఇంకో విషయం కూడా ఉంది. చాలామందిలో ఈ గడియారం సహజంగా 24 గంటల కంటే కొంచెం ఎక్కువ తిరుగుతుంది. అందుకే ఆలస్యంగా పడుకోవడం తేలిక, పెందలాడే నిద్రపోవడం కష్టం. షిఫ్టులు ఎ తర్వాత బి, బి తర్వాత సి అని ముందుకు మారితే ఒళ్లు ఎంతో కొంత తట్టుకుంటుంది. ఆయనకు పడింది సి, బి, ఎ. పూర్తిగా వెనక్కి.

దీనివల్ల ప్రమాదం సెల్లార్‌లోకి దొంగ రావడం ఒక్కటే కాదు. 1997లో ఇద్దరు పరిశోధకులు 'నేచర్' పత్రికలో ఒక కొలత ప్రచురించారు. వరసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతికీ కంటికీ పొందిక, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుంది. మన దగ్గర డ్రంక్ అండ్ డ్రైవ్ కేసుకు హద్దు 30 మిల్లీగ్రాములు. అంటే చుక్క ముట్టకుండానే, పట్టుబడే మనిషి కంటే అధ్వాన్నమైన స్థితిలో బండి నడుపుకుంటూ ఇంటికి పోతున్నారు. పొద్దున 6 గంటల వేళ ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్లలో ఖాకీ, నీలం చొక్కాల మీద స్వెటర్ వేసుకుని బండి మీద వెళ్లేవాళ్లను చూస్తే నాకిప్పుడు భయం వేస్తుంది.

ఇక అసలు ప్రశ్న. చార్టు గోడ మీద ఉండగా రోజూ ఎందుకు మారుతోంది? సూపర్‌వైజర్ చెడ్డవాడని ఆయన మొదట్లో అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ లెక్క విప్పి చూపించింది వేరే మనిషి. ఆ భవనం లాబీలో ఆడవాళ్ల తనిఖీకి ఉండే లేడీ గార్డు. వయసు 45 ఉంటుంది. పొద్దున షిఫ్ట్ మాత్రమే చేస్తుంది. బస్తీలో పొదుపు సంఘం లెక్కలు పదేళ్లుగా ఆమే రాస్తోంది. నెలనెలా ఎవరు కట్టారు, ఎవరు అప్పు తీసుకున్నారు, ఎవరికి ఎంత బాకీ అన్నది గీతలు కొట్టి రాసే చెయ్యి. గార్డులందరికీ ఆమె అక్క.

మెమో వచ్చిన రోజు పొద్దున, షిఫ్ట్ దిగి గేటు బయట టీ బండి దగ్గర ఆయన కూర్చున్నాడు. ఆమె డ్యూటీ ఎక్కే ముందు అక్కడే ఆగింది.

"నీకే ఎందుకు ఫోన్ జేస్తరో తెలుసా తమ్మీ?"

"నామీద పగ పట్టిండు అక్కా."

"పగ గాదు. నువ్వు ఎత్తుతవ్. మిగతావాళ్లు ఎత్తరు."

ఆ తర్వాత ఆమె టీ కప్పు కింద పెట్టి, బిస్కెట్ ప్యాకెట్ అట్ట మీద లెక్క వేసిందట. ఆ లెక్క చాలా సులువైనది, కానీ అన్ని రోజులూ ఎవరూ వేయలేదు. భవనంలో షిఫ్టుకు నాలుగు పాయింట్లు. మెయిన్ గేటు, సెల్లార్, సరుకు గేటు, కంట్రోల్ రూము. మూడు షిఫ్టులంటే రోజుకు 12 డ్యూటీలు, వారానికి 84. ఏజెన్సీ పెట్టిన గార్డులు 12 మంది, ఆమె కాకుండా. ఒక్కొక్కరు వారానికి ఆరు డ్యూటీలు చేసి ఒక రోజు ఆఫ్ తీసుకుంటే అయ్యేవి 72. మిగిలిన 12 డ్యూటీలకు మనిషే లేడు. 84ను 12తో భాగిస్తే 7 వస్తుంది. అంటే చార్టు మీద ఆఫ్ అని రాసి ఉన్నా, లెక్కలో ఆఫ్ లేదు.

ఆరుగురు గార్డులకు ఒక రిలీవర్ ఉండాలి. ఆరుగురి ఆఫ్ రోజుల్లో ఆ ఆరు పాయింట్లలో నిలబడేవాడు రిలీవర్. ఇక్కడ ఇద్దరు కావాలి, ఒక్కడూ లేడు. కాబట్టి రోజూ సగటున ఒకటిన్నర, రెండు ఖాళీలు ముందే రాసిపెట్టి ఉన్నాయి. ఎవరికైనా జ్వరం వస్తే, ఊళ్లో చావు కబురు వస్తే అవి అదనం. ఖాళీ పడగానే సూపర్‌వైజర్ ఫోన్ తీస్తాడు. ఎవడు ఎత్తితే వాడు వస్తాడు. ఎత్తేవాడు ఎప్పుడూ ఒక్కడే. మెత్తని మనిషి, లేదా అప్పుల్లో ఉన్న మనిషి. ఈయన రెండూ. వాడికి డబుల్ డ్యూటీ పడితే మర్నాటి సొంత డ్యూటీకి వేళ కుదరదు, అక్కడ మరో ఖాళీ. ఒక మార్పు ఇంకో మార్పును కంటుంది.

చట్టం ఏం చెబుతుందో ఇక్కడ రెండు మాటల్లో చెప్పాలి. తెలుగు రాష్ట్రాల్లో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం వారానికి 48 గంటలు పని. వారానికి ఒక సెలవు. అదనపు గంటలకు రెట్టింపు జీతం. యూరప్ దేశాల్లో ఇంకో నియమం ఉంది. 24 గంటల్లో వరసగా 11 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. అక్క ఆ నియమం ఎక్కడా చదవలేదు. కానీ ఆమె పుస్తకంలో రాసుకున్న హద్దు కూడా 11 గంటలే. ఎలా వచ్చిందని అడిగాను. "ఎనిమిది గంటలు పండాలె, రానుపోను గంటన్నర, తిండి గంటన్నర. ఇంకేముంది?" అంది. ఏడు గంటలు నిద్ర పట్టినా చాలుననుకుని పడకకు ఒక గంట ఎక్కువ పెట్టిందట.

ఆమె మొదట చేసిన పని డ్యూటీలు మార్చడం కాదు. ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని, నాలుగు వారాల పాటు జరిగింది జరిగినట్టు రాసింది. ఏ రోజు, ఏ పాయింట్, చార్టులో ఎవరు, నిలబడింది ఎవరు, మారితే ఎన్ని గంటల ముందు చెప్పారు. నైట్ గార్డులు దిగేటప్పుడు ఆమె ఎక్కుతుంది, బి వాళ్లు వచ్చేటప్పుడు ఆమె దిగుతుంది. రెండు పూటలా అందరినీ చూసేది ఆమె ఒక్కతే. పైగా ఆమెకు నైట్ లేదు కాబట్టి ఎవరి డ్యూటీ ఎవరికి పోయినా ఆమెకు లాభం లేదు, నష్టం లేదు. పుస్తకం ఆమె చేతిలో ఉండటానికి అందరూ ఒప్పుకున్నది అందుకే.

రెండో పని, పుస్తకం వెనక పేజీలో ఒక పట్టిక. ఎవరికి ఏ పాయింట్ వచ్చు. గార్డు అంటే గార్డే కదా, ఎవరు ఎక్కడ నిలబడితే ఏం అనుకుంటాం. ప్రైవేటు సెక్యూరిటీ చట్టం కింద గార్డుకు 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలి. అది ఉన్నా, ప్రతి భవనానికీ దాని కంట్రోల్ రూము వేరు. ఫైర్ ప్యానెల్ మీద ఏ లైటు వెలిగితే ఏ అంతస్తు, అలారం మోగితే ముందు ఎవరికి చెప్పాలి, పంపు తనంతట తాను ఆన్ కాకపోతే ఏ స్విచ్ తిప్పాలి, ఇవి అక్కడే నేర్చుకోవాలి. 12 మందిలో కంట్రోల్ రూము వచ్చినవాళ్లు నలుగురు. షిఫ్టుకు ఒక్కరు చొప్పున పోతే మిగిలేది ఒక్కడు. ఆ నలుగురి ఆఫ్‌లు ఎప్పుడూ ఎందుకు ఎగిరిపోతున్నాయో పట్టిక చూడగానే తెలిసింది. ఇంకో నలుగురు ఆ పని నేర్చుకునేదాకా మార్పిడి అనే మాటకు అర్థమే లేదు. డ్యూటీ దిగాక అరగంట చొప్పున నేర్చుకున్నారు. మన సెల్లార్ మనిషి కూడా మొదలుపెట్టాడు.

ఆ తర్వాతే మార్పిడి. నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైనదిగా తోచింది వాళ్లు చేసిన మొదటి మార్పిడి, అది ఎలా తప్పబోయిందో.

ఆయన కూతురు ఆరో తరగతి. శుక్రవారం పొద్దున 10 గంటలకు బళ్లో తల్లిదండ్రుల సమావేశం. అంతకుముందు రెండుసార్లు పోలేదు. ఈసారి నాన్న రావాల్సిందేనని టీచర్ డైరీలో రాసి పంపింది. ఆయనది సి షిఫ్ట్. గురువారం రాత్రి చేసి శుక్రవారం 6కి దిగి, కళ్లు మండుతూ బడికి పోయి కుర్చీలో తూలడం ఆయనకు ఇష్టం లేదు. గురువారం రాత్రి డ్యూటీ ఒక్కటి ఎవరికైనా ఇవ్వాలి. బి షిఫ్టులో ఉన్న ఒక స్నేహితుడు ఒప్పుకున్నాడు. నా గురువారం బి నువ్వు చెయ్యి, నీ గురువారం సి నేను చేస్తా. డ్యూటీకి డ్యూటీ, ఎవరికీ బాకీ లేదు. చూడ్డానికి ఎంత బాగుంది!

అక్క పుస్తకంలో ప్రతి మార్పిడికీ నాలుగు గడులు ఉంటాయి. ఇచ్చేవాడికి ముందు విరామం, తర్వాత విరామం. తీసుకునేవాడికి ముందు విరామం, తర్వాత విరామం. ఆ నాలుగూ నింపమంది. ఆయన బుధవారం సి నుంచి గురువారం పొద్దున 6కి దిగుతాడు. గురువారం 2కి బి ఎక్కాలి. ఎనిమిది గంటలు. మళ్లీ అదే ఎనిమిది. స్నేహితుడి వైపు చూస్తే, బుధవారం రాత్రి 10కి దిగి గురువారం రాత్రి 10కి ఎక్కుతాడు. ముందు గడి 24, బాగానే ఉంది. కానీ సి చేసి శుక్రవారం 6కి దిగి, 2కి తన బి ఎక్కాలి. అక్కడ ఎనిమిది. ఇద్దరికీ ఒక్కో గడిలో గొయ్యి. కష్టం పోలేదు, ఇద్దరికీ పంచినట్టయింది. వారం నడుమ సి డ్యూటీ ఒక్కదాన్ని బి డ్యూటీ ఒక్కదానితో ఎవరు మార్చుకున్నా ఇలాగే అవుతుంది. అది ఆ రోజు అందరికీ తెలిసింది.

ఆమె చూపించిన దారి వేరు. సి షిఫ్టులోనే ఉన్న ఇంకొకతని వీక్లీ ఆఫ్ గురువారం. ఈయన ఆఫ్ ఆదివారం. ఆఫ్‌కు ఆఫ్ మార్చుకోండి. గురువారం రాత్రి అతను ఈయన డ్యూటీ చేస్తాడు, ఆదివారం రాత్రి ఈయన అతని డ్యూటీ చేస్తాడు. ఇద్దరూ సి లోనే ఉంటారు కాబట్టి గడియారం కదలదు. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య ఎక్కడా 16 గంటలకు తగ్గదు. చార్టు పదిహేను రోజులకోసారి మారుతుంది, అప్పటికి సి లో మొదటి వారమే నడుస్తోంది, కనుక సోమవారం పొద్దున ఎ షిఫ్ట్ మీద పడే చిక్కు కూడా లేదు.

దీనికీ ఒక ధర ఉంది. ఆమె దాన్ని దాచలేదు. గురువారం ఆఫ్ తీసుకున్నాక ఈయన శుక్రవారం నుంచి మరుసటి వారం శనివారం దాకా వరసగా తొమ్మిది రాత్రులు చేయాలి. అవతలివాడికి అటువైపు నుంచి లెక్క వేసినా తొమ్మిది రోజులే. ప్రతి వారంలో ఒక ఆఫ్ ఉంది, కానీ ఆఫ్‌కూ ఆఫ్‌కూ ఎడం పెరిగింది. అందుకని ఆమె కింద ఒక గీత రాసింది: వెనువెంటనే ఇలాంటిది ఇంకోటి వద్దు.

ఒక చిన్న ముడి మిగిలింది. ఆదివారం అతను నిలబడేది కంట్రోల్ రూములో. ఈయన ఇంకా నేర్చుకుంటున్నాడు, ఒక్కణ్ణే రాత్రంతా కూర్చోబెట్టలేరు. మెయిన్ గేటు మనిషికి ప్యానెల్ వచ్చు. ఆ ఒక్క రాత్రికి అతను లోపలికి, ఈయన గేటుకు. ముగ్గురూ సంతకం పెట్టారు. సూపర్‌వైజర్ బుధవారం పొద్దున సంతకం పెట్టాడు. మార్పు 24 గంటల ముందు కాగితం మీదికి రావాలన్నది వాళ్ల కట్టు.

పాలమూరు, నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించలేదు. నాట్లప్పుడు ఒకరి మడికి ఇంకొకరు బదులుకు పోవడం వాళ్లకు చిన్నప్పటి నుంచి తెలుసు. నీ పొలంలో నేను ఒక దినం వంగితే నా పొలంలో నువ్వు ఒక దినం వంగుతావు. మధ్యలో పైసా కనబడదు. ఆమె కూడా డబ్బు దగ్గర అంతే గట్టిగా నిలబడింది. ఒకతను వచ్చి, నా నైట్ నువ్వు చెయ్యి, మూడు వందలు ఇస్తానన్నాడట. ఆమె పుస్తకంలో రాయనంది. డబ్బుకు డ్యూటీ అమ్మడం మొదలైతే కొనేది అప్పులున్నవాడే, నెలలో ఇరవై నైట్లు అతని పేరు మీదే చేరతాయి, మళ్లీ పంపుల గది దగ్గరికే వస్తామని ఆమె వాదన. ఆ మాట నాకు పూర్తిగా సబబుగా తోచింది. బాకీకి కూడా హద్దు పెట్టింది. ఎవరి పేరు మీదా రెండు డ్యూటీలకు మించి బాకీ ఉండకూడదు, నెల జీతం లెక్క మూసేలోపు తీరిపోవాలి. నెల దాటితే మస్టర్‌లో ఒకరికి డ్యూటీలు తగ్గి జీతం కోత పడుతుంది, ఇంకొకరికి పెరుగుతుంది, తర్వాత తగాదా.

మస్టర్ సంగతి ఇంకా ముఖ్యం. అంతకుముందు ఆ భవనంలో చాలా మార్పులు మాటల మీద జరిగేవి. చార్టులో ఉన్నవాడి పేరు మీదే హాజరు పడేది, నిలబడేది వేరొకడు. అనుకూలంగా ఉంటుంది, ఎవరికీ చెప్పనక్కర్లేదు. కానీ ఆ రాత్రి సరుకు గేటు దగ్గర లారీ వెనక్కి వస్తూ గార్డును గుద్దిందనుకోండి. కాగితం మీద అతను అక్కడ లేనే లేడు. ఈఎస్ఐ కింద పనిలో దెబ్బ తగిలిందని రుజువు చేసుకోవాల్సిన చోట హాజరు పట్టీ ఇంకొకరి పేరు చెబుతుంది. ఇటు నిద్రపోయినా, వస్తువు పోయినా, మెమో పడేది ఇంట్లో పడుకున్నవాడికి. అందుకే నిలబడినవాడే సంతకం పెట్టాలన్నది వాళ్ల పుస్తకంలో మొదటి పేజీ మొదటి వాక్యం.

అయితే మార్పిడి మనుషుల్ని పుట్టించదు. 84 డ్యూటీలకు 12 మంది ఉన్నంతకాలం ఎన్ని గడులు నింపినా 12 ఖాళీలు ఎక్కడో ఒకచోట ఉంటాయి. ఆమెకు అది మొదటి రోజు నుంచే తెలుసు. మార్పిడి వల్ల మనుషులు తమ సొంత పనుల కోసం చెప్పాపెట్టకుండా మానేయడం తగ్గింది, అంతవరకే. మిగతాదానికి ఆమె 'పిలుపు వంతు' పెట్టింది. ఏ రోజు ఖాళీ పడితే ఎవరిని పిలవాలో ముందే వరస. వంతు వచ్చినవాడు ఆ రోజు ఫోన్ దగ్గర ఉంచుకోవాలి. విరామం 11 గంటలు కుదరకపోతే వరసలో తర్వాతివాడికి పోతుంది. ఒకసారి వచ్చి చేశాక పేరు అడుగుకు వెళ్తుంది. అదనపు డ్యూటీ తప్పలేదు, కానీ ఒక్కడి మీదే పడటం ఆగింది.

నాలుగు వారాల రాతకు ఫలితం తర్వాత కనిపించింది. నెలకోసారి ఫీల్డ్ ఆఫీసర్ వస్తాడు. మనుషులు తక్కువయ్యారని గార్డులు ఎప్పుడూ చెబుతూనే ఉన్నారు, అతను వింటూనే ఉన్నాడు. ఈసారి సూపర్‌వైజరే నోట్‌బుక్ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. నేను తప్పుగా అనుకున్న మనిషి అతను. రోజుకు ముప్పై ఫోన్లు చేసి, తిట్లు తిని, ఒక్కోసారి తానే గేటు దగ్గర నిలబడుతున్న మనిషి. నాలుగు వారాల్లో 48 డ్యూటీలు డబుల్ మీదో, ఆఫ్ రద్దు మీదో నడిచాయని తేదీలతో సహా పుస్తకంలో ఉంది. ప్రతి దానికీ పేరు ఉంది. పంపుల గది రాత్రి కూడా ఉంది, దానికి ముందు మూడు గడుల్లో 8, 8, 8 అని.

ఒక రిలీవర్‌ను ఇచ్చారు. ఇద్దరు అడిగారు, ఒక్కడే వచ్చాడు. ఇప్పుడు 13 మంది, 78 డ్యూటీలు, వారానికి ఆరు ఖాళీలు. పిలుపు వంతు ఒక్కొక్కరికి సుమారు రెండు వారాలకు ఒకసారి వస్తోంది. చార్టు మారేటప్పుడు ఎ, బి, సి అని ముందుకే మార్చాలని కూడా అడిగారు. దానికి ఖర్చు లేదు కాబట్టి వెంటనే ఒప్పుకున్నారు. కోసిన ఒక రోజు జీతం మాత్రం తిరిగి రాలేదు. మెమో ఫైల్లోనే ఉంది. రెండో రిలీవర్ సంగతి అడిగితే కాంట్రాక్ట్ కొత్తగా రాసుకునేటప్పుడు చూద్దామన్నారట. అప్పటిదాకా ఆ ఆరు ఖాళీలు వీళ్ల ఒంటి మీదే.

బోరబండలో ఆయన రూముకు ఒక మధ్యాహ్నం వెళ్లాను. ఆయన సి లో ఉన్నాడు, లోపల నిద్రపోతున్నాడు. కిటికీకి నల్ల దుప్పటి మేకులు కొట్టి బిగించారు. ఇంటామె గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఇదివరకు ఫోను ఆయన దిండు కింద ఉండేదట, మోగినప్పుడల్లా ఉలిక్కిపడి లేచేవాడు. ఇప్పుడు అది వంటింట్లో పప్పుడబ్బాల వెనక. నేను ఉండగానే మోగింది. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్లి ఎత్తింది. అటువైపు మాట నాకు వినబడలేదు.

"పండుకున్నడు సార్," అంది గొంతు తగ్గించి. "ఈ రోజు ఆయన వంతు గాదు. అక్క పుస్తకం చూడుండ్రి."

ఫోను మళ్లీ డబ్బాల వెనక పెట్టి, వచ్చి చిక్కుడుకాయలు అందుకుంది.